కవళ్ల తట్ట, సొర ముక్క

కోస్తాలో బాలింత ఉన్న ఇంటి గుమ్మం ముందు చేపల తట్ట దిగిందంటే ఇంట్లోని పెద్దావిడ ముందుగా అడిగేది పాలసొర. సొర తింటే పాలు పడతాయన్నది ఇక్కడ తరాల నమ్మకం. ముక్కల్ని పసుపు వేసి ఉడకబెడతారు. గరగరలాడే తోలు ఒలిచేస్తారు. ఒట్టి కండను చేత్తో చిదిమి, వెల్లుల్లి దండిగా వేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చితో పొడిపొడిగా వేయిస్తారు. అదే సొర పుట్టు. సొరకు ఎముకలుండవు, ఉన్నదంతా మెత్తటి మృదులాస్థే కాబట్టి ముల్లు గుచ్చుకునే భయం లేదు. పురుడు పోసుకుని నీరసంగా ఉన్న మనిషికి పెట్టడానికి ఇంతకన్నా అనువైన మాంసం దొరకదనిపిస్తుంది. అందుకే అదే గిన్నెలోంచి ఓ ముద్ద మూడేళ్ల పెద్ద పిల్ల నోట్లోకి కూడా వెళుతుంది.

పాలు పడే సంగతి అలా ఉంచుదాం. చేపలు తినే ఇంట్లో పాదరసం గురించి ఒక్క విషయమే తెలుసుకోవాలంటే, అది ఈ గిన్నె దగ్గర మొదలుపెట్టాల్సిందే. సొర సముద్రపు వేటగాడు. పాదరసం పేరుకునేది వేటాడే చేపల్లోనే.

బొగ్గు మండించినప్పుడు, నాటు పద్ధతుల్లో బంగారం తీసినప్పుడు, అగ్నిపర్వతం పేలినప్పుడు పాదరసం ఆవిరై గాలిలో కలుస్తుంది. ఏ ఖండంలో పుట్టిన ఆవిరైనా ఏడాది పాటు తిరిగి మరో ఖండం మీద వానలో దిగొచ్చు. నీటిలో పడిన ఈ పాదరసం ఆ రూపంలో అంత ప్రమాదకారి కాదు. చేప దాన్ని మింగినా చాలా భాగం బయటికే పోతుంది. కథ మలుపు తిరిగేది బురదలో. ప్రాణవాయువు అందని అడుగు మట్టిలో బతికే కొన్ని బాక్టీరియాలు పాదరసానికి ఒక మిథైల్ గుంపును తగిలించి దాన్ని మిథైల్ పాదరసంగా మార్చేస్తాయి. ఈ పని చేయించే జన్యువుల జంటను 2013లోగానీ గుర్తించలేకపోయారు. మిథైల్ పాదరసం ఒంట్లోకి తేలిగ్గా వెళుతుంది, బయటికి మాత్రం నిదానంగా వస్తుంది. దాన్ని సూక్ష్మమైన నాచు పీల్చుకుంటుంది. నాచును నలుసుల్లాంటి జీవులు, వాటిని కవళ్లు, నెత్తళ్లు, కవళ్లను వంజరాలు, వంజరాలను సొరలు తింటాయి. ప్రతి మెట్టు మీదా తిన్నదాని పాదరసమంతా తిన్నవాడి ఖాతాలో జమ అవుతూ పోతుంది. పై మెట్టుకు చేరేసరికి చేప కండలో ఉన్న మోతాదు, అది ఈదే నీటిలో ఉన్నదానికి లక్షల రెట్లు.

వయసు కూడా లెక్కలోకి వస్తుంది. కవ్వ బతికేది రెండు మూడేళ్లు. పెద్ద సొరకు దశాబ్దాల ఆయుష్షు. అందుకే ఒకే జాతిలో కూడా రెండు కిలోల చేప కంటే పది కిలోల చేప ముక్కలో పాదరసం ఎక్కువ. మార్కెట్లో మనిషి కంటికి కనిపించే గుర్తు ఇదొక్కటే. సొర పాడైతే కండలోని యూరియా విరిగి అమోనియా ఘాటు ముక్కుకు కొడుతుంది, కొనేవాళ్లు పసిగడతారు. పాదరసానికి వాసన లేదు, రంగు లేదు, రుచి లేదు. ఇప్పుడే పడవ దిగి తళతళలాడే చేపలోనూ అంతే ఉంటుంది.

కడిగితే పోతుందేమో, వేపితే పోతుందేమో అని అడుగుతుంటారు. పోదు. కొన్ని పురుగుమందుల అవశేషాలు చేప కొవ్వులో ఉంటాయి కాబట్టి కొవ్వు, తోలు తీసేస్తే కొంత తగ్గుతాయి. మిథైల్ పాదరసం కండలోని ప్రోటీన్‌ను అంటిపెట్టుకుంటుంది. ఉప్పు, నిమ్మకాయ వేసి కడిగినా, చింతపండు పులుసులో గంటసేపు మరిగించినా ఉన్నదున్నట్టే ఉంటుంది. వేపినప్పుడూ ఎండబెట్టినప్పుడూ పోయేది నీరే. కాబట్టి గ్రాముకు లెక్కేస్తే పాదరసం కాస్త పెరుగుతుంది కూడా.

మన ఒంట్లోకి వచ్చాక అది చేసే పని మోసకారిది. తిన్న మిథైల్ పాదరసంలో నూటికి 95 వంతులు పేగుల్లోంచి నెత్తుట్లోకి చేరతాయి. అక్కడ సిస్టీన్ అనే అమినో ఆమ్లంతో జత కడుతుంది. ఆ జంట ఆకారం మెథియోనిన్ అనే మరో అమినో ఆమ్లాన్ని పోలి ఉంటుంది. మెథియోనిన్ మెదడుకు కావలసిన సరుకు గనుక, మెదడు చుట్టూ కాపలా కాసే పొర తలుపు తీస్తుంది. మాయ కూడా అదే విధంగా మోసపోతుంది. పుట్టిన బిడ్డ బొడ్డుతాడు నెత్తుటిలో పాదరసం తల్లి నెత్తుటిలో కంటే ఎక్కువగా, సగటున సుమారు 1.7 రెట్లు ఉంటుంది. అప్పుడప్పుడే కణాలు సర్దుకుంటున్న మెదడుకు ఇది గండం.

ఇవాళ తిన్నదాంట్లో సగం బయటికి పోవడానికి సుమారు 50 రోజులు పడుతుంది. ఆ మిగిలిన సగంలో సగం పోవడానికి మరో 50. అంటే రోజూ కొద్దికొద్దిగా తినే మనిషి ఒంట్లో ఏ రోజు చూసినా దాదాపు 72 రోజుల తిండి తాలూకు పాదరసం నిలవ ఉంటుంది. నెల తప్పాక సొర మానేసిన ఆమె ఒంట్లో పాత నిలవ నాలుగైదు నెలలు కరుగుతూనే ఉంటుంది, బిడ్డ మెదడు రూపుదిద్దుకునేదీ ఆ నెలల్లోనే. పెద్ద వేట చేపల విషయంలో జాగ్రత్త పడాల్సింది గర్భం నిలిచాక కాదు, పిల్లలు కావాలనుకున్నప్పుడే, ఆరేడు నెలల ముందుగా. బాలింత దశలో ముప్పు ఇంత ఉండదు. మాయ గుండా వెళ్లేదానితో పోలిస్తే చనుబాలలోకి వచ్చేది బాగా తక్కువ. కడుపుతో ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోకుండా, ప్రసవం కాగానే పథ్యం పేరుతో సొర వెతికే మన పద్ధతిలో తిరకాసు అదే: మనం చూసే చోట భయం తక్కువ, చూడని చోట ఎక్కువ.

జపాన్‌లోని మినమాత ఊరి పేరు చాలామంది వినే ఉంటారు. చిస్సో అనే రసాయన కర్మాగారం సముద్రపు అఖాతంలోకి వదిలిన మిథైల్ పాదరసం చేపల్లో చేరి, ఆ చేపలు తిన్న కుటుంబాలను కుదేలు చేసింది. 1956లో ఆ జబ్బును అధికారికంగా గుర్తించారు. కానీ అది కర్మాగారం పక్కన జరిగిన ఉత్పాతం. మామూలు సముద్రంలో మామూలు చేపలు తినేవాళ్ల సంగతి తేల్చింది వేరే రెండు చోట్ల జరిగిన పరిశీలనలు. వాటి ఫలితాలు ఒకదానికొకటి అడ్డం తిరిగాయి.

ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల వాళ్లు పైలట్ తిమింగలాల మాంసం తింటారు. అక్కడ 1986, 87లలో పుట్టిన తొమ్మిది వందల మందికి పైగా పిల్లలను ఫిలిప్ గ్రాంజాన్ బృందం ఏడేళ్ల వయసులో పరీక్షించింది. బొడ్డుతాడు నెత్తుటిలో పాదరసం ఎక్కువగా ఉన్న పిల్లలు మాట, ఏకాగ్రత, జ్ఞాపకశక్తి పరీక్షల్లో కాస్త వెనకబడ్డారు. లోపం చిన్నదే, కానీ స్పష్టంగా ఉంది. ఆఫ్రికా తూర్పున, మన హిందూ మహాసముద్రంలోనే ఉన్న సీషెల్స్ దీవుల్లో తల్లులు వారానికి సగటున 12 పూటలు చేప తినేవారు. వాళ్ల పిల్లలను ఏళ్ల తరబడి పరీక్షించినా అలాంటి నిలకడైన లోపం కనిపించలేదు. ఒకచోట హాని, ఒకచోట లేదు. ఎందుకు? సీషెల్స్ వాళ్లు తిన్నది రకరకాల సముద్రపు చేప. దాంతో పాటే బిడ్డ మెదడుకు పనికొచ్చే ఒమేగా-3 కొవ్వులూ అందాయి. తిమింగలం మాంసంలో పాదరసం మోత చాలా ఎక్కువ, పైగా పీసీబీల వంటి ఇతర విషాలూ తోడయ్యాయి. ఈ వివరణతో అందరి సందేహాలూ తీరలేదు గానీ, తర్వాత బ్రిటన్‌లో జరిగిన ఓ పెద్ద పరిశీలన దానికి బలం చేకూర్చింది. 2007లో వెలువడిన ఆ ఫలితాల్లో, గర్భిణిగా ఉన్నప్పుడు వారానికి 340 గ్రాముల కన్నా తక్కువ చేప తిన్న తల్లుల పిల్లలే మాటల తెలివికి పెట్టిన పరీక్షలో ఎక్కువగా అట్టడుగున మిగిలారు. పాదరసానికి భయపడి చేప మొత్తంగా మానేసిన తల్లి బిడ్డకు ఏదో మేలు చేశాననుకుంటుంది. లెక్క అలా లేదు.

ఆ లెక్క ఒక ఇంట్లో వేసి చూద్దాం. తల్లి 55 కిలోలు, బిడ్డ 15 కిలోలు అనుకుందాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం 2003లో పెట్టిన హద్దు ప్రకారం వారానికి ఒంటి బరువు కిలోకు 1.6 మైక్రోగ్రాముల మిథైల్ పాదరసం మించకూడదు. తల్లికి వారానికి 88, బిడ్డకు 24 మైక్రోగ్రాములన్నమాట. అమెరికా ఆహార, ఔషధ సంస్థ కొలతల్లో సొర కండలో గ్రాముకు సగటున దాదాపు ఒక మైక్రోగ్రాము పాదరసం ఉంది. తల్లి వంద గ్రాముల పుట్టు తింటే 98. వారం కోటా ఒక్క పూటతో దాటిపోయింది. బిడ్డకు పెట్టిన ముద్ద 30 గ్రాములనుకుంటే 29, అదీ దాటింది. అదే పట్టికలో కవళ్ల జాతి చేపలకు గ్రాముకు 0.013. తల్లి వంద గ్రాములు తింటే 1.3, బిడ్డ 30 గ్రాములు తింటే 0.4. ఆ బిడ్డ తన వారం హద్దు అందుకోవాలంటే దాదాపు రెండు కిలోల కవళ్లు తినాలి. అంత తినే పిల్ల ఉంటే ముందు పాదరసం గురించి కాదు, అరుగుదల గురించి ఆలోచించాలి.

ఈ అంకెలు అమెరికా మార్కెట్లో అమ్మే చేపలవి. మన దగ్గర పాలసొరగా అమ్మేది సాధారణంగా మీటరు లోపు పొడవుండే చిన్న జాతి, కాబట్టి దాని మోత పెద్ద సొరల కన్నా తక్కువే ఉండే అవకాశం ఉంది. కానీ తట్టలో ముక్కలుగా కోసి పెట్టాక అది పాలసొరో, బారెడు సొర తాలూకు ముక్కో చెప్పడం అందరివల్లా కాదు. నన్నడిగితే గర్భిణికీ, చిన్నపిల్లలకూ ఏ సొరా వద్దు. బాలింతకు పుట్టు పెట్టాల్సిందే అనే ఇంట్లో అదే మసాలాతో కానాగంతలనో కవళ్లనో ఉడికించి, ముళ్లు ఏరి చేస్తే పుట్టు పుట్టులాగే వస్తుంది. ముళ్లు ఏరడానికి ఓ పావుగంట ఎక్కువ పడుతుంది, అంతే.

పెద్దవాళ్ల లెక్క వేరు. నలభై దాటిన మగవాడు చేప తినేది గుండె కోసం. పాదరసం అతని మెదడుకు చేసే చెరుపు చాలా పెద్ద మోతాదుల్లో గానీ కనిపించదు. గుండెకు చేపతో ఉన్న మేలు మీద బలమైన సాక్ష్యం 1989లో వేల్స్ నుంచి వచ్చింది. గుండెపోటు నుంచి అప్పుడే కోలుకున్న 2,033 మంది మగవాళ్లలో సగం మందికి వారానికి రెండు పూటలు కొవ్వున్న చేప తినమని చెప్పారు. రెండేళ్లలో ఆ సగంలో మరణాలు 29 శాతం తగ్గాయి. అదే బృందం గుండెనొప్పి ఉన్న వేరే మగవాళ్ల మీద మళ్లీ ప్రయత్నిస్తే, 2003లో ఆ మేలు కనిపించలేదు. చేపనూనె మాత్రలు వేసుకున్నవాళ్లలో గుండె మరణాలు పెరిగాయి కూడా. 2018లో వెలువడిన రెండు భారీ పరీక్షల్లో, రోజుకో గ్రాము చేపనూనె మాత్ర ఆరోగ్యవంతులకూ మధుమేహులకూ గుండెజబ్బును ఆశించినంతగా అడ్డుకోలేదు. 2021లో 58 దేశాల నుంచి సుమారు 1,90,000 మంది వివరాలు కలిపి చూసినప్పుడు చిత్రం కాస్త తేటపడింది. వారానికి రెండు పూటలు, అంటే కనీసం 175 గ్రాముల చేప తినడం వల్ల మేలు కనిపించింది అప్పటికే గుండెజబ్బో పక్షవాతమో వచ్చినవాళ్లలో. అదీ ముఖ్యంగా కొవ్వున్న చేప తిన్నప్పుడు. జబ్బు లేనివాళ్లలో మేలూ లేదు, కీడూ లేదు.

అందుకే చేపను గుండెకు మందులా అమ్మే మాటలను నేను నమ్మను. పళ్లెంలో వేపుడు మాంసం ఉండాల్సిన చోటికి చేప పులుసు వచ్చిందంటే ఆ మార్పు వల్లే కొంత మేలు జరుగుతుంది. ఆ పైన ఒమేగా-3 కొవ్వులు నెత్తుటిలో ట్రైగ్లిజరైడ్లను తగ్గిస్తాయి. వండే తీరు కూడా లెక్కే. అమెరికాలో వయసు మళ్లినవాళ్లను గమనించినప్పుడు కాల్చిన, ఓవెన్‌లో వండిన చేప తిన్నవాళ్లలో గుండె మరణాలు తక్కువగా కనిపించాయి. నూనెలో వేపిన చేప తిన్నవాళ్లలో ఆ తేడా లేదు. ఈ విషయంలో మన పులుసు ముందుంది. ఎండుచేపకు ఉప్పు అనే మరో చిక్కు ఉంది, బీపీ ఉన్నవాళ్లు దాన్ని కూరగా కాకుండా నంజుకోవడానికే ఉంచుకోవాలి.

ఇక మార్కెట్లోకి వెళితే ఓ విచిత్రం కనిపిస్తుంది. ధర, హోదా ఉన్న చేపలు పాదరసం, గుండె అనే ఈ రెండు లెక్కల్లోనూ వెనకబడతాయి. వంజరం ముక్కల వేపుడు లేని పార్టీ ఉండదు. అమెరికా పట్టికలో దాని దగ్గరి బంధువైన కింగ్ మాకరెల్‌కు గ్రాముకు 0.73 మైక్రోగ్రాములు. గర్భిణులూ పిల్లలూ తినకూడని చేపల జాబితాలో సొర, కత్తిచేప, మార్లిన్, పెద్దకన్ను ట్యూనా సరసన అది కూడా ఉంది. మన వంజరం వేరే జాతి. రెండు కిలోల లోపు చేప అంత భయపెట్టేదేమీ కాదు, పెద్దవాళ్లు నెలకు ఒకటి రెండుసార్లు నిశ్చింతగా తినొచ్చు. చేతి వెడల్పును మించిన పెద్ద చక్రం ముక్కలు మాత్రం పిల్లల పళ్లెంలోకి వద్దు. విశాఖ రేవులో దిగే కొమ్ముకోనాం మార్లిన్ కుటుంబానిదే, దానికీ ఇదే మాట. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇండియన్ స్టోర్‌లో గడ్డకట్టిన కింగ్‌ఫిష్ ముక్కలు కొంటారు. ప్యాకెట్లోని ముక్క ఎంత పెద్ద చేపదో తెలిసే దారి లేదు. ఇంట్లో గర్భిణి ఉంటే సార్డిన్, సాల్మన్ ప్యాకెట్లు తీసుకోవడం మేలు. డబ్బా ట్యూనాలో కూడా అల్బకోర్ రకంలో పాదరసం, లైట్ అని రాసి ఉన్నదాంట్లో కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ.

కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు చవక. కొవ్వు ఎక్కువ, బతుకు తక్కువ, తిండి నాచూ నలుసులూ. గుండెకూ, పొట్టలోని బిడ్డకూ, మూడేళ్ల పిల్లకూ ఇంతకన్నా మంచి బేరం సముద్రంలో లేదు. గోదావరి ఎదురీదే పులస కూడా నాచు తినే కొవ్వు చేపే, దాని ధర సంగతి దేవుడెరుగు. సముద్రానికి దూరంగా ఉన్న తెలంగాణ, రాయలసీమ ఇళ్లకు చేరేది ఎక్కువగా భీమవరం, ఆకివీడు, కైకలూరు చెరువుల బొచ్చె, శీలావతి. అవి ఏడాదిన్నరలోపే వల ఎక్కుతాయి, మేసేది తవుడూ చెక్కా, కాబట్టి పాదరసం భయం అంతగా లేదు. ఒమేగా-3 మాత్రం కవళ్లలో ఉన్నంత ఉండదు. కొరమేను, వాలుగ వేటాడే చేపలే గానీ చెరువులో ఏడాది పెంచినవి పెద్ద నదిలో ఏళ్ల తరబడి పెరిగినవాటిలా కావు.

పిల్లలకు ఎంత పెట్టాలన్నదానికి అమెరికా సంస్థలు ఇచ్చిన కొలత మన ఇళ్లకూ పనికొస్తుంది. మూడేళ్ల లోపు పిల్లలకు పూటకు సుమారు 28 గ్రాములు, ఏడేళ్ల దాకా దానికి రెట్టింపు, పదేళ్ల దాకా మూడు రెట్లు, పదకొండో ఏటి నుంచి పెద్దవాళ్లంత. వారానికి రెండు పూటలు, తక్కువ పాదరసం ఉన్న రకాల్లోంచి. 28 గ్రాములంటే ముల్లు తీసిన ఒక మాదిరి కానాగంత కండలో సగం. ఓ వారం పెళ్లిలో వంజరం తిన్న పిల్లకు ఇంకో వారం కవళ్లు పెడితే సరిపోతుంది, ఎందుకంటే ఒళ్లు చూసేది వారాల సగటునే.

ఏళ్ల తరబడి వారానికి నాలుగైదుసార్లు పెద్ద ట్యూనా, సొర, వంజరం తింటున్నవాళ్లకు చేతివేళ్లు, పెదాల చుట్టూ తిమ్మిర్లు రావడం, నడక తూలడం, పక్క చూపు తగ్గడం కనిపిస్తే డాక్టరు దగ్గర ఆ తిండి సంగతి కూడా చెప్పాలి. మధుమేహం, బీ-12 లోపం కూడా తిమ్మిర్లు తెస్తాయి, మన దగ్గర చాలాసార్లు కారణం అవే. తేల్చుకోవాలంటే రక్తంలోనో, కుదురు దగ్గర కత్తిరించిన తలవెంట్రుకల్లోనో పాదరసం చూడాలి. మూత్ర పరీక్ష ఇక్కడ పనికిరాదు. చేపల నుంచి వచ్చే మిథైల్ పాదరసం చాలా భాగం పైత్యరసంతో మలంలోకే పోతుంది. వెంట్రుక నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, మూడు సెంటీమీటర్ల ముక్క గడిచిన మూడు నెలల తిండి చెబుతుంది. అంకె ఎక్కువగా వస్తే చేయాల్సింది పెద్ద చేపలు ఆపి, రెండు మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకోవడం. ఆ మధ్యలో కవళ్లు మానక్కర్లేదు.